రెండో రోజు నవ్వు

రోజూ ఒకే బస్సులో వెళ్లే ఇద్దరు ఒకరినొకరు చూసుకుని కాస్తంత నవ్వుతారు. ఆ నవ్వుకు అర్థమేమిటో ఇద్దరికీ తెలియదు. కథావస్తువు ఇంతే. వినడానికి ఒక్క వాక్యం, రాయడానికి కూర్చుంటే నాలుగు రోజులు కదలనివ్వదు. ఇందులో గొడవ లేదు, రహస్యం లేదు, చివరిదాకా ఎవరూ ఎవరితోనూ మాట్లాడకపోయినా అభ్యంతరం లేదు. అందుకే చాలామంది దీన్ని సగంలో ప్రేమకథగా మార్చేసి గట్టెక్కుతారు.

ఆ మార్పుకు దారితీసేది ఒక తప్పు ప్రశ్న. ‘ఆమె నవ్వుకు అర్థమేమిటి?’ అని అతనూ, ‘అతని నవ్వుకు అర్థమేమిటి?’ అని ఆమే అనుకుంటున్నట్టు రచయిత మొదలుపెడతాడు. అప్పుడు కథకు మిగిలేది జవాబు చెప్పడమే. నిజానికి ఇక్కడ దీనికన్నా చిక్కు ప్రశ్న ఇంకొకటి ఉంది. ‘నేనెందుకు నవ్వాను?’ అన్నది. ఎదుటి మనిషి మనసు తెలియకపోవడం లోకంలో మామూలే. తన పెదవి తనకు చెప్పకుండా ఎందుకు కదిలిందో తెలియకపోవడం దగ్గరే అసలు కథ ఉంది.

ముందు బస్సు సంగతి. రైలు కథలు సాహిత్యంలో లెక్కలేనన్ని. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ రైలుపెట్టెలోనే మొదలవుతుంది. వర్జీనియా ఉల్ఫ్ 1920లో రాసిన ‘యాన్ అన్‌రిటెన్ నావెల్’లో కథకురాలు రైల్లో ఎదురుగా కూర్చున్న స్త్రీ ముఖం చూసి ఆమెకో పేరు పెట్టి, ఒంటరితనం అంటగట్టి, జీవితమంతా అల్లేస్తుంది. స్టేషన్లో ఆ స్త్రీ కోసం కొడుకు వచ్చి నిలబడేసరికి అల్లిందంతా కూలిపోతుంది. రైలు ఇద్దరిని ఒక్కసారి, చాలాసేపు ఎదురెదురుగా కూర్చోబెడుతుంది. సిటీ బస్సు దానికి పూర్తిగా తలకిందులు. కలిపేది అరగంటే, కానీ రోజూ కలుపుతుంది. కాబట్టి రైలు కథ ఒక సంఘటన మీద నడిస్తే, బస్సు కథ అలవాటు మీద నడవాలి.

అలవాటును చెప్పడానికి తెలుగు క్రియలోనే ఏర్పాటు ఉంది. ‘ఎక్కాడు’ అంటే ఒకసారి, ‘ఎక్కేవాడు’ అంటే ఎన్నోసార్లు. ‘చూసింది’ ఒక రోజుది, ‘చూసేది’ ఆరు నెలలది. అనేకసార్లు జరిగినదాన్ని ఒక్కసారి చెప్పే ఈ పద్ధతిని ఫ్రెంచి విమర్శకుడు జెరార్ జెనెత్ 1972లో ప్రత్యేకంగా విడదీసి వివరించాడు. తెలుగువాడికి దాన్ని సిద్ధాంతంగా నేర్పనక్కర్లేదు, నోట్లోనే ఉంది. ఈ కథలో మొదటి మూడోవంతు ‘ఎక్కేవాడు, నిలబడేది, చూసేవాడు’ అంటూ సాగి, ఒకచోట ‘ఆ రోజు ఎక్కింది’ అన్న మాట పడగానే పాఠకుడి చెవి నిక్కుతుంది. ‘అకస్మాత్తుగా’ అని వేరే రాయనక్కర్లేదు. చెప్పాలనుకున్న రోజులన్నింటినీ ‘ఎక్కాడు, చూశాడు, నవ్వాడు’ అంటూ వరసపెడితే మాత్రం మూడో పేజీకే అది డైరీ అయిపోతుంది. ఇలాంటి కథలు చచ్చుబడేది ఎక్కువగా ఇక్కడే.

ఇలా రోజూ చూస్తూ, ముఖం బాగా గుర్తుండి, ఎన్నడూ పలకరించని మనిషికి ఒక పేరుంది. అమెరికా మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1972లో అలాంటివాళ్లను ‘పరిచితమైన అపరిచితులు’ అన్నాడు. ఆయన విద్యార్థులు న్యూయార్క్ శివారు రైల్వే ప్లాట్‌ఫాం మీద రోజూ నిలబడేవాళ్లను ఫొటోలు తీసి, ముఖాలకు అంకెలు వేసి, తరవాతి వారం అదే జనానికి పంచారు. ఎవరెవరిని గుర్తుపడతారు, ఎవరితో మాట్లాడారు అని అడిగారు. సగటున ఒక్కొక్కరూ నలుగురిని ముఖం చూసి గుర్తుపట్టారు గానీ ఆ నలుగురితో ఎప్పుడూ మాట్లాడింది లేదు. మాటల పరిచయం ఉన్నది ఒకరిద్దరితోనే. ఒక్క ముఖం కూడా గుర్తుపట్టలేనివాళ్లు నూటికి పదిమంది దాకా మాత్రమే.

కథ రాసేవాడికి ఈ అంకెలకన్నా మిల్‌గ్రామ్ పక్కన రాసుకున్న రెండు మూడు పరిశీలనలు ఎక్కువ పనికొస్తాయి. మౌనంగా గడిచిన రోజులు పెరిగేకొద్దీ దాన్ని బద్దలుకొట్టడం ఇంకా కష్టమవుతుందని ఆయన గమనించాడు. టైమెంతయింది అని అడగాల్సి వస్తే మనిషి ఏళ్ల తరబడి చూస్తున్న ముఖాన్ని వదిలేసి, బొత్తిగా తెలియనివాణ్ని అడుగుతాడట. రోజూ కలిసే చోటికి దూరంగా ఎక్కడో తారసపడితే మాత్రం ఇద్దరూ పలకరించుకునే అవకాశం ఎక్కువ. ఆపద వచ్చినా అంతే. బ్రూక్లిన్‌లో ఒకామె వీధిలో కుప్పకూలితే, ఆమెను ఏళ్లుగా చూస్తూ ఒక్కసారీ మాట్లాడని మరొకామె వెంటనే ముందుకొచ్చి ఆంబులెన్సులో ఆస్పత్రిదాకా వెళ్లిందని ఆయన ఉదాహరణ చెప్పాడు. అంటే మౌనం కూడా ఒక సంబంధమే, దానికీ బాధ్యతలుంటాయి.

ఇక నవ్వు. ఫ్రెంచి వైద్యుడు డ్యుషెన్ 1862లో ముఖ కండరాలకు విద్యుత్తు తగిలించి చూసి, నోటి చివరలను పైకి లాగే కండరం మన ఇష్టప్రకారం కదులుతుందనీ, కంటిచుట్టూ ఉండే కండరం నిజమైన సంతోషానికే స్పందిస్తుందనీ చెప్పాడు. కంటిచివర ముడతపడితే అసలు నవ్వు, లేకపోతే మర్యాద నవ్వు అని అప్పటినుంచీ ప్రచారంలో ఉంది. తరవాతి పరిశోధకులు ఇది అంత సులువు కాదని తేల్చారు. గట్టిగా నవ్వితే చెంపలు లేచి, సంతోషం ఉన్నా లేకపోయినా కంటిచివర ముడత వచ్చేస్తుంది. ఆ ముడతను కావాలని తెప్పించుకోగలిగేవాళ్లూ ఉన్నారు. పెద్ద నవ్వు సంగతే ఇలా ఉంటే, చిన్న నవ్వులో ఆ ముడత కనిపించేంత కదలికే ఉండదు. కాబట్టి చిన్న నవ్వును బయటినుంచి తేల్చే గుర్తు దాదాపు లేనట్టే. దానికితోడు బస్సులో ఇద్దరి మధ్య నాలుగైదు మీటర్ల దూరం, పట్టుకున్న చేతులు, వేలాడే బ్యాగులు, గుంతలు. కథలో అతను ‘ఆమె కళ్లు నవ్వాయి’ అనుకుంటే అది అతను చూసింది కాదు, కోరుకుంది. రచయితకు ఈ తేడా తెలిసి ఉండాలి, పాత్రకు తెలియక్కర్లేదు.

ఇద్దరూ ఎందుకు ముందుకు కదలరన్నదానికి 1996లో జాకీ వొరావర్, రెబెకా రాట్నర్ ఒక వివరణ ఇచ్చారు. చొరవ తీసుకోనందుకు తన విషయంలో మనిషి చెప్పుకునే కారణం ‘కాదంటారేమోనని భయం’. ఎదుటివాళ్లు చొరవ తీసుకోకపోతే అదే మనిషి చెప్పే కారణం ‘వాళ్లకు ఆసక్తి లేదు’. చేసింది ఇద్దరూ ఒకటే, ఊరుకోవడం. దాన్ని తనవైపు నుంచి భయంగానూ అవతలివైపు నుంచి అయిష్టంగానూ చదువుతారు. ఈ కథకు ఇరుసు ఇదే. అయితే దీన్ని స్త్రీకీ పురుషుడికీ ఒకే కొలతతో వాడితే అబద్ధం అవుతుంది. స్త్రీ మామూలు స్నేహాన్ని పురుషుడు వేరే ఆసక్తిగా అర్థం చేసుకోవడం ఎక్కువని ఆంటోనియా ఆబీ 1982లోనే ప్రయోగంచేసి చూపింది. బస్సెక్కే ఏ ఆడపిల్లకూ ఆ ప్రయోగంతో పనిలేదు. నవ్వితే వెనకాలే స్టాపులో దిగేవాడు ఉంటాడని ఆమెకు ముందే తెలుసు. కాబట్టి అతను నవ్వు వెనక్కి తీసుకుంటే పోయేది కాస్త పరువు, ఆమె తప్పు మనిషికి నవ్వితే పోయేది రోజూ ఎక్కే బస్సు. రెండు చిన్న నవ్వుల ఖరీదు ఒకటి కాదు.

ఇదంతా ఒక కథలోకి ఎలా దిగుతుందో చూడటానికి ఒక ఉదాహరణ కట్టుకోవచ్చు. ఉప్పల్ నుంచి హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ మీదుగా సికింద్రాబాద్ వెళ్లే సిటీ బస్సు. అతను ఉప్పల్లో వెనక డోరు దగ్గర ఎక్కుతాడు. ఆమె హబ్సిగూడలో ముందు డోరు దగ్గర ఎక్కుతుంది. ఇద్దరికీ నవ్వడం ఉద్యోగంలో భాగం. అతను ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో రక్తం తీసే టెక్నీషియన్, పరగడుపు టెస్టుల పొద్దుటి షిఫ్టు కాదు, దాని తరవాతిది. సూది గుచ్చేముందు నవ్వకపోతే జనం చెయ్యి బిగబట్టేస్తారు, నరం దొరకదు. ఆమె బట్టల షాపులో చీరల కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. నలభై చీరలు విప్పించి ఏదీ తీసుకోకుండా లేచినవాళ్లకు కూడా నవ్వుతూనే ‘మళ్లీ రండి’ అనాలి. జీతం కోసం ముఖాన్ని అదుపులో పెట్టుకునే ఈ శ్రమ గురించి ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమాన సిబ్బంది ఆధారంగా ఒక పుస్తకమే రాసింది. అలాంటి పనిలో ఉన్నవాళ్లకు కొన్నాళ్లకు తమ నవ్వు ఎక్కడ తమదో, ఎక్కడ కొలువుదో సరిహద్దు చెరిగిపోతుంది. ‘నేనెందుకు నవ్వాను?’ అన్న ప్రశ్న వీళ్లిద్దరికీ అందుకే నిజంగా పుడుతుంది. ఉద్యోగం పాత్రకు వేసిన అలంకారంగా కాకుండా కథకు కారణంగా పనిచేయాలంటే ఇలాంటిదే ఎంచుకోవాలి.

మొదటి నవ్వు దేనికి వచ్చింది? ‘కళ్లు కలిశాయి’ అని రాస్తే కథ అక్కడే ప్రేమలో పడిపోతుంది. మూడో వస్తువు ఏదో ఉండాలి. తార్నాక దాటాక బస్సు గుంతలో పడి, ముందు కూర్చున్న స్కూలు పిల్లాడి స్టీలు టిఫిన్ డబ్బా మూత జారి, నేలమీద నిలువుగా దొర్లుకుంటూ, చెప్పుల మధ్య నుంచి మోగుకుంటూ వెనకదాకా వెళుతుంది. బస్సంతా దాన్నే చూస్తుంది. కండక్టర్ ‘హోల్డాన్’ అని అరిస్తే బస్సు ఆగుతుంది. మూత అతని కాలికి తగిలి పడిపోతుంది. అతను తీసి ముందుకు అందిస్తాడు, అది చేతులు మారి మారి ఆమె దగ్గరికి వస్తుంది, ఆమె పిల్లాడికి ఇస్తుంది. అప్పుడు ఇద్దరూ నవ్వుతారు. ఆ నవ్వు ఒకరికొకరు ఇచ్చుకున్నది కాదు, మూతకు చెందింది. ఇందులో ఏ అనుమానమూ లేదు.

చిక్కంతా రెండో రోజు నవ్వుది. మూత లేదు. ఆమె ఎక్కింది, వెనక్కి చూసింది, అతను అక్కడే ఉన్నాడు. నిన్న నవ్విన మనిషిని ఇవాళ రాయిలా చూడటం బాగుండదు. కాబట్టి ఆమె పెదవి కాస్త కదిలింది. నవ్వినవాళ్లకు తిరిగి నవ్వకపోవడం మర్యాద కాదు కాబట్టి అతనూ నవ్వాడు. ఆమె దృష్టిలో అతను నవ్వాడు గనక ఆమె నవ్వింది, అతని దృష్టిలో ఆమె నవ్వింది గనక అతను నవ్వాడు. ఎవరికి వాళ్లు బాకీ తీర్చుకుంటున్నామనే అనుకుంటారు. మూడో రోజు నుంచి అది ‘నవ్వేది, నవ్వేవాడు’ అవుతుంది. ఈ రెండో రోజును ఎంత నిదానంగా రాస్తే కథకు అంత బలం. తరవాతి మూడు నెలలు మూడు వాక్యాల్లో పోయినా నష్టం లేదు.

పాత కథల్లో ఇలాంటి చోట చిల్లర ఆదుకునేది. ముందునుంచి వచ్చిన పదిరూపాయల నోటు చేతులు మారుతూ కండక్టర్‌కు చేరేది, టికెట్టూ చిల్లరా అదే దారిన తిరిగివెళ్లేవి, ఆ దారిలో వేళ్లు తగిలేవి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆమె ఆధార్ చూపిస్తే మిషన్‌లోంచి జీరో టికెట్ వస్తుంది, డబ్బు ప్రయాణం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పేరుతో ఇలాంటి పథకమే మొదలైంది. ఈనాటి కథలో ఆమె చేత చిల్లర పంపించే రచయిత బస్సెక్కి చాన్నాళ్లయిందని పాఠకుడు పట్టేస్తాడు. మూతలాంటిదాన్ని వెతుక్కోవాల్సి వచ్చింది అందుకే.

నడిమిభాగానికి ఒక లోటు కావాలి. ఆమె నాలుగు రోజులు కనిపించదు. ఇక్కడ అతను తపించిపోయినట్టు రాయడం సులువు, తప్పు కూడా. మొదటి రోజు అతను గమనించడు. రెండో రోజు హబ్సిగూడలో ముందు డోరు వైపు చూసి, తను చూసినట్టు తనకే తెలిసి, సిగ్గుపడి కిటికీలోకి తిరుగుతాడు. తను ఎదురుచూస్తున్నాడని అతనికి తెలియడం కథలో ఇదే మొదటిసారి. అయిదో రోజు ఆమె ఎక్కుతుంది. పెదవి ఒకవైపే, అదీ సగమే కదులుతుంది. అతను దాన్ని ‘ఇక చాలు’ అని చదువుకుని, తన నవ్వును అంతకు తగ్గించుకుంటాడు. జరిగింది వేరే. ఆమెకు జ్ఞానదంతం తీశారు. వాపు ఇంకా తగ్గలేదు, నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు. అతని నవ్వు తగ్గడం చూసి, బుగ్గ వాపు అంత దూరానికీ కనబడుతోందన్నమాట అనుకుని, ఆమె చున్నీ కొంగు చెంపమీదికి లాక్కుంటుంది. అతనికి అది రెండో తలుపు వేసినట్టు కనబడుతుంది. ఈ ఘట్టంలో ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరి తర్కంలోనూ లోపం లేదు. చేతిలో ఉన్న ఆధారాలకు వాళ్లు తీసిన అర్థం సబబైనదే. అపార్థం పాత్ర తెలివితక్కువతనం వల్ల కాకుండా ఇలా తెలివివల్ల పుడితేనే పాఠకుడు విసుక్కోడు.

పన్ను సంగతి పాఠకుడికి ఎవరు చెప్పాలి? దృష్టికోణం సమస్య ఇది. చెహోవ్ 1887లో రాసిన ‘ముద్దు’ కథలో ఒక సైనికాధికారిని చీకటిగదిలో ఎవరో స్త్రీ వేరే వ్యక్తి అనుకుని ముద్దుపెట్టుకుంటుంది. ఆ పొరపాటు మీద అతను వేసవంతా ఒక లోకం కట్టుకుంటాడు. చెహోవ్ అతన్ని వదిలి బయటికి రాడు, ఆమె ఎవరో చివరికీ తెలియదు. ఒక్కవైపు నుంచే చెప్పడంలో ఉన్న బలం అది. కానీ మన వస్తువులో అనిశ్చితి రెండువైపులా ఉండాలి. అతనివైపు నుంచే చెబితే ఆమె చిక్కుముడిగా మిగిలిపోతుంది. స్త్రీని చిక్కుముడిగా చూసే కథలు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి. ఇద్దరివైపు నుంచీ మార్చి మార్చి చెబితే ఇంకో ప్రమాదం వస్తుంది. ఇద్దరికీ ఇష్టమేనని పాఠకుడికి తెలిసిపోయి, వాళ్లకు ఎప్పుడు తెలుస్తుందా అని గడియారం చూసుకుంటూ కూర్చుంటాడు. దీనికి విరుగుడు ఇంతకుముందు చెప్పుకున్నదే. ఆమె మనసులోకి వెళ్లినా అక్కడ జవాబు దొరకకూడదు. పన్ను నొప్పి దొరకాలి, ‘ఈ నవ్వు షాపు నవ్వేనా?’ అన్న అనుమానం దొరకాలి. ఇష్టమా కాదా అన్నది ఆమె కూడా తేల్చుకోలేదు కాబట్టి రచయిత దాచిపెట్టినట్టు అనిపించదు.

భాష దగ్గర తెలుగు రచయితకు ఒక ఇబ్బంది ఉంది. నవ్వుకు మన దగ్గర ఉన్న మాటలన్నీ తీర్పులే. ‘ముసిముసి నవ్వు’ అంటే లోపల ఏదో దాచుకున్నట్టే. ‘మందహాసం’ అంటే దేవుడి పటం గుర్తుకొస్తుంది. ‘వెకిలి నవ్వు’, ‘ఎత్తిపొడుపు నవ్వు’ సరేసరి. ‘చిరునవ్వు’ ఒక్కటే తటస్థంగా ఉండేది, వాడి వాడి అరిగిపోయి ఇప్పుడది వ్యాపార ప్రకటనల్లో మాటలా మోగుతోంది. అర్థం తేలని నవ్వుకు వీటిలో ఏది వాడినా అర్థం తేలిపోతుంది. కాబట్టి ఈ కథలో నవ్వును పేరుపెట్టి పిలవకుండా కదలికగా చెప్పడం మంచిది: పెదవి చివర కదిలింది, నవ్వినట్టే ఉంది, నవ్వాడో లేదో. నాలుగు పేజీల కథలో ‘నవ్వు’ అన్న మాట పదిసార్లు మించితే చేతిరాతలో గీత పెట్టుకుని చూడాల్సిందే.

సర్వనామం కూడా ఇలాగే బయటపెట్టేస్తుంది. అతని తలపుల్లో ఆమె మొదట ‘ఆవిడ’, ఎప్పుడో ‘ఆమె’ అవుతుంది. ఆమెకు అతను ‘ఆ మూతాయన’గా మొదలై ‘అతను’ అవుతాడు. ఈ మార్పు ఎక్కడ జరిగిందో కథ చెప్పకూడదు, చదివేవాడు వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి. ఇక పిలుపు. హైదరాబాద్ బస్సులో తెలియని మగవాడు ‘అన్న’, తెలియని ఆడమనిషి ‘అక్క’. ‘అన్నా, కొంచెం జరగవా’ అని ఆమె ఒక్కసారి అన్నదంటే అన్ని నవ్వులకూ అర్థం ఆ క్షణంలో ఖరారైపోతుంది. తప్పించుకోవడానికి స్త్రీలు ఈ పిలుపును డాలులా వాడతారు, అదీ ఆమె చేతిలో ఉన్న ఆయుధమే. మూడు నెలల్లో ఆమెకు ఆ మాట అనే అవకాశం ఒకటి రెండుసార్లు వచ్చినా అనకపోవడం ఈ కథలో పెద్ద సంఘటన. పైకి కనిపించదు, అంతే.

మిల్‌గ్రామ్ చెప్పిన మరోచోటు ఇప్పుడు అక్కరకొస్తుంది. షాపు వారం సెలవురోజు. పన్ను తీశాక నీరసం తగ్గలేదని డాక్టర్ రక్తపరీక్ష రాస్తే, ఆమె చీటీ పట్టుకుని ఒక సెంటర్‌కు వెళుతుంది. లోపల తెల్లకోటులో అతను. ఆ ఘట్టం ఇలా రావచ్చు:

“తెర పక్కకు జరిపి అతను ఆగాడు. వచ్చినవాళ్లు పెద్దవాళ్లయితే అమ్మా అంటాడు, చిన్నవాళ్లయితే మేడమ్ అంటాడు. ‘కూర్చోండి’ అన్నాడు.

‘మీరిక్కడా!’ అంది.

‘ఇక్కడే. మెత్తం మీద ఆనించండి చెయ్యి.’ రబ్బరు పట్టీ బిగించాడు. పిడికిలి పట్టమనే లోపే పట్టింది. ‘చీమ కుట్టినట్టుంటుంది’ అని అలవాటుగా నవ్వాడు. ఆమె ఆ నవ్వును గుర్తుపట్టింది. నలభయ్యో చీర మడతపెట్టేటప్పుడు తను నవ్వేది అదే.

ఊదారంగు మూత ఉన్న గొట్టం నిండింది. దానిమీద చీటీ అంటించాడు. పేరు, వయసు. చదవకూడదనుకున్నాడు, చదవకుండా అంటించడం కుదరదు.”

ఈ ఘట్టంలో మూడు పనులు జరిగాయి. అతను ఏ పిలుపూ లేకుండా ‘కూర్చోండి’ అన్నాడు, అక్కడ లేని మాటే చాలా చెబుతోంది. అతని నవ్వు ఉద్యోగపు నవ్వని ఆమెకు ఇప్పుడు రూఢిగా తెలిసింది, అయితే బస్సులోదీ అదేనా అన్న కొత్త అనుమానం పుట్టింది. మూడోది, ఆమె పేరు అతనికి తెలిసింది, అతని పేరు ఆమెకు తెలియదు. ఆమె చెప్పని పేరును వాడితే హద్దు దాటినట్టు, వాడకపోతే దాచినట్టు. మంచి మలుపు ఒక అనిశ్చితిని తీర్చి, అంతకన్నా సూటిగా గుచ్చుకునే ఇంకోదాన్ని తెచ్చిపెడుతుంది.

ముగింపు దగ్గర ఈ రకం కథలు ఎక్కువగా మూడు గుంతల్లో పడతాయి. ఒకటి శుభలేఖ: ఒకరోజు ఆమె పెళ్లికార్డు ఇస్తుంది. రెండోది చావు: ఒకరోజు సీటు ఖాళీగా ఉంటుంది, పేపర్లో ఫొటో వస్తుంది. మూడోది చీటీ: బస్సు దిగేటప్పుడు చేతిలో పెట్టిన కాగితంలో మనసులోదంతా ఉంటుంది. మూడింటిలోనూ లోపం ఒకటే, ఇన్ని పేజీలు కట్టిన అనిశ్చితిని బయటినుంచి వచ్చిన వార్త ఒక్క దెబ్బకు రద్దుచేస్తుంది. ఏమీ తేల్చకుండా గాలిలో వదిలేయడం కూడా మోసమే, పాఠకుడు పేజీ తిప్పి మిగతా భాగం కోసం చూస్తాడు. నవ్వు అర్థం తేలకపోయినా ఇద్దరిలో ఒకరి ప్రవర్తన మారాలి, ఆ మార్పు కంటికి కనబడాలి.

మన ఉదాహరణలో తరవాతి పొద్దున హబ్సిగూడ స్టాప్ వస్తుంది. రిపోర్టు సాయంత్రం ఇస్తారని ఆమెకు తెలుసు, రక్తం తక్కువుందని అతనికి అప్పటికే తెలుసు. నవ్వాలా వద్దా అన్న ఆలోచన అతనికి రాదు. ఆమె ముందు డోరులో పైకెక్కేటప్పుడు కడ్డీ పట్టుకున్న చెయ్యి వణుకుతోందా అని చూస్తాడు. నవ్వడం మరిచిపోయి చూస్తాడు. ఆమె వెనక్కి తిరిగి, మూడు నెలల్లో మొదటిసారి ఆ ముఖంలో ఏ నవ్వూ లేకపోవడం గమనించి, పక్కవాళ్లను తప్పించుకుంటూ రెండడుగులు వెనక్కి వస్తుంది. కండక్టర్ ‘రైట్ రైట్’ అంటాడు.